కరగని యాంటాసిడ్ టాబ్లెట్‌కి బ్యాక్ టైట్రేషన్: విలువ సగమే ఎందుకు వస్తుంది, సరిగ్గా ఎలా చేయాలి

ప్రశ్న: డ్రైడ్ అల్యూమినియం హైడ్రాక్సైడ్ జెల్ 250 మి.గ్రా., మెగ్నీషియం హైడ్రాక్సైడ్ 250 మి.గ్రా. ఉన్న టాబ్లెట్ ఇచ్చి ఆసిడ్ న్యూట్రలైజింగ్ కెపాసిటీ కట్టమన్నారు. నేరుగా HCl తో చేస్తే ఎండ్ పాయింట్ నిలవలేదు. బ్యాక్ టైట్రేషన్ చేసి ఫినాఫ్తలీన్‌తో చూస్తే 8.4 మిల్లీఈక్వివలెంట్లు వచ్చింది, లెక్క ప్రకారం 16 దాకా రావాలి. పింక్ రంగు కూడా వచ్చి పోతోంది. నా పొడి కరగలేదా? స్టెప్స్, లెక్క రెండూ చెప్పగలరా?

సమాధానం:

పొడి కరిగే ఉంటుంది. మీకు వచ్చిన 8.4 అనే అంకే ఆ మాట చెబుతోంది. కాసేపు లేబుల్ మీద ఉన్నవాటికి విడివిడిగా లెక్క కట్టి చూడండి.

మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అణుభారం 58.32. ఒక్కో అణువు రెండు హైడ్రోజన్ అయాన్లను పట్టుకుంటుంది కాబట్టి తుల్యభారం 29.16. 250 ని 29.16 తో భాగిస్తే 8.57 మిల్లీఈక్వివలెంట్లు. అల్యూమినియం హైడ్రాక్సైడ్ అణుభారం 78.00, మూడు హైడ్రోజన్ అయాన్లు, తుల్యభారం 26.00. అయితే డ్రైడ్ జెల్ అంటే మొత్తం Al(OH)3 కాదు. అందులో నీరు, కొంత కార్బనేట్ ఉంటాయి. అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం యూఎస్‌పీ ప్రకారం అందులో కనీసం 76.5 శాతం Al(OH)3 ఉండాలి. ఆ కనీస లెక్కే తీసుకుంటే 250 × 0.765 ÷ 26.00 = 7.36. రెండూ కలిపితే 15.93. మీరు చెప్పిన 16 ఇదే.

ఇప్పుడు మీ 8.4 ని ఈ రెండు అంకెల పక్కన పెట్టండి. అది మెగ్నీషియం వాటాకి దాదాపు సరిపోతోంది. అంటే మీ ప్రయోగంలో అల్యూమినియం వాటా మొత్తం మాయమైంది. పొడి కరగకపోతే విలువ ఏదో ఒకచోట ఆగుతుంది కానీ, ఇంత శుభ్రంగా ఒక పదార్థం వాటా మాత్రమే మిగలడం అరుదు. తప్పు కరగడంలో లేదు, ఎండ్ పాయింట్‌లో ఉంది.

జరిగింది ఇది. మీరు HCl ఎక్కువగా పోశారు. Al(OH)3 ఆ ఆమ్లంలో ఒక్కో అణువుకి మూడు హైడ్రోజన్ అయాన్లను తిని Al³⁺ గా ద్రావణంలోకి వచ్చింది. అక్కడివరకు బాగుంది. తర్వాత మిగిలిన ఆమ్లాన్ని NaOH తో కొలవడం మొదలుపెట్టారు. పీహెచ్ సుమారు 4 దాటేసరికి అదే Al³⁺ మళ్లీ హైడ్రాక్సైడ్ అయాన్లను పట్టుకుని తెల్లటి జిగురులాంటి అవక్షేపంగా పడటం మొదలుపెడుతుంది. ఫినాఫ్తలీన్ రంగు మారేది 8.3 దగ్గర. ఆ లోపు అల్యూమినియం తాను తిన్న ఆమ్లానికి సమానమైన NaOH ని తిరిగి తినేస్తుంది. మీ లెక్కలో ఆ NaOH అంతా "మిగిలిన ఆమ్లం" కింద జమ అయింది. కాబట్టి టాబ్లెట్ తక్కువ ఆమ్లం వాడినట్టు కనిపించింది. అల్యూమినియం అప్పు తీసుకుని మొత్తం తిరిగి కట్టేసింది, మీరు చూసేసరికి ఖాతాలో ఏమీ లేదు.

రంగు పోవడానికి కారణం కూడా అదే. మొదట పడే అవక్షేపం పూర్తి హైడ్రాక్సైడ్ కాదు, అందులో క్లోరైడ్ కూడా ఇరుక్కుని ఉంటుంది. అది నెమ్మదిగా క్లోరైడ్‌ని వదిలి హైడ్రాక్సైడ్‌ని తీసుకుంటూ ఉంటుంది. మీరు పింక్ చూసి బ్యూరెట్ ఆపుతారు, అర నిమిషంలో అవక్షేపం ఆ క్షారాన్ని తినేస్తుంది, రంగు వెళ్లిపోతుంది, మీరు ఇంకో చుక్క వేస్తారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కూడా తన వంతు చేస్తుంది. ఇలా పింక్ వెంట పరుగెత్తి గాఢమైన రంగు దాకా వెళ్తే మెగ్నీషియం కూడా కదులుతుంది. ఈ గాఢతలో Mg(OH)2 పీహెచ్ 9 దాటాక పడటం మొదలవుతుంది. మీకు 8.57 కాకుండా 8.4 రావడానికి అదే కారణం కావచ్చు.

కాబట్టి ఈ టాబ్లెట్‌కి బ్యాక్ టైట్రేషన్ అంటే పీహెచ్ 3.5 దగ్గర ఆగే టైట్రేషన్. అక్కడ Al³⁺ దాదాపు మొత్తం కరిగే ఉంటుంది, NaOH ని ముట్టుకోదు. మెగ్నీషియం సంగతి చెప్పక్కర్లేదు. కార్బనేట్ ఉంటే దాని నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ పీహెచ్‌లో క్షారాన్ని తీసుకోదు, కనుక మరిగించి వెళ్లగొట్టాల్సిన పని లేదు. యూఎస్‌పీ పద్ధతిలో కూడా ఎండ్ పాయింట్ 3.5 గానే ఉంటుంది. కింద చెప్పే పరిమాణాలు కూడా ఆ పద్ధతివే.

ముందుగా నేరుగా టైట్రేట్ చేస్తే ఎందుకు కుదరదో రెండు మాటలు. ఈ పొడి నీళ్లలో కరగదు. ఆమ్లం చుక్క పడినప్పుడు ముందు ద్రావణంలో పీహెచ్ పడిపోతుంది, తర్వాత పొడి రేణువులు ఆ ఆమ్లాన్ని మెల్లగా తింటుంటే పీహెచ్ మళ్లీ పైకి పాకుతుంది. అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఈ విషయంలో మరీ బద్ధకం. ప్రతి చుక్కకీ నిమిషాలు ఆగాలి, ఎక్కడ ఆగాలో ఎప్పటికీ తేలదు. అందుకే ముందుగా లెక్క తెలిసిన ఆమ్లాన్ని ఎక్కువగా పోసి, ఆ ఎక్కువ ఆమ్లంలో పొడిని పని చేయనిచ్చి, మిగిలింది కొలుస్తాం. కరిగిన ఆమ్లానికీ కరిగిన క్షారానికీ మధ్య చర్య క్షణంలో అయిపోతుంది కాబట్టి ఆ రెండో కొలత నిలబడుతుంది.

ఇక పని.

కనీసం 20 టాబ్లెట్లు కలిపి తూచి సగటు బరువు కట్టండి. తర్వాత వాటన్నిటినీ మోర్టార్‌లో మెత్తగా నూరి బాగా కలపండి. ఒక్క టాబ్లెట్ తీసుకుని నూరి వాడితే ఆ ఒక్కదాని బరువు తేడా మీ ఫలితంలోకి వస్తుంది, తర్వాత దాన్ని విడదీయలేరు. మెత్తదనం విషయంలో బద్ధకించకండి. వేళ్ల మధ్య రాస్తే గరగర తగలకూడదు. ముతక రేణువు లోపలి భాగం పదిహేను నిమిషాల్లో ఆమ్లానికి దొరకదు.

ఆ పొడిలో ఒక కనీస మోతాదుకి సరిపడా, అంటే మీ విషయంలో ఒక టాబ్లెట్ బరువంత, 250 మి.లీ. బీకర్‌లోకి ఖచ్చితంగా తూచి వేయండి. సరిగ్గా సగటు బరువే రావాలని పొడిని చిటికెలు చిటికెలుగా తీస్తూ పెడుతూ కూర్చోవద్దు. దగ్గరగా ఉంటే చాలు, వచ్చిన బరువు నాలుగు దశాంశాల దాకా రాసుకోండి, లెక్కలో సరిచేస్తాం.

నీళ్లు పోసే ముందు ఒక సంగతి చూడండి. ఈ తరహా టాబ్లెట్లలో చాలావాటిలో గ్యాస్ కోసం సిమెథికోన్ కలుపుతారు. అది సిలికాన్ నూనె, నీళ్లంటే పడదు. దాంతో పొడి తడవకుండా పైన తేలుతుంది, బీకర్ గోడకి పట్టుకుని కూర్చుంటుంది. అలా కనిపిస్తే ముందు 5 మి.లీ. మించకుండా ఆల్కహాల్ వేసి పొడిని ముద్దలా తడపండి. ఆ ఆల్కహాల్‌ని కూడా ముందే పీహెచ్ 3.5 కి సరిచేసి పెట్టుకోవాలి, లేకపోతే అదే మీ లెక్కలో వేలు పెడుతుంది. తర్వాత 70 మి.లీ. నీళ్లు పోయండి. ఆ నీళ్లతోనే గోడకి అంటిన పొడిని కిందికి కడగండి. మాగ్నెటిక్ స్టిర్రర్ మీద ఒక నిమిషం కలపండి.

ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్, మూడు డిగ్రీలు అటూ ఇటూ. స్టిర్రర్ వేగం నిమిషానికి 300 తిరుగుళ్లు, 30 అటూ ఇటూ. ఇవి అలంకారానికి పెట్టిన అంకెలు కావు. అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఎంత కరుగుతుందన్నది సమయం మీద, వేడి మీద, కదలిక మీద ఆధారపడి ఉంటుంది. మీరు చల్లటి గదిలో, ఎవరో వెచ్చటి నీటి తొట్టెలో చేస్తే ఇద్దరికీ వేర్వేరు విలువలు వస్తాయి, ఇద్దరివీ మీ మీ పరిస్థితుల్లో నిజమే. ఈ పరీక్ష కొలిచేది టాబ్లెట్‌లో మొత్తం ఎంత క్షారం ఉందని కాదు. శరీర ఉష్ణోగ్రతలో, పదిహేను నిమిషాల్లో, అది ఎంత ఆమ్లాన్ని నిజంగా తీసుకోగలదని. కొన్ని ప్రాక్టికల్ పుస్తకాల్లో ఆమ్లం పోశాక మరిగించమని ఉంటుంది. అలా చేస్తే మొండి రేణువులు కూడా లొంగుతాయి, మీకు మొత్తం క్షారం లెక్క వస్తుంది. అది తప్పు ప్రయోగం కాదు, కానీ దాన్ని ఆసిడ్ న్యూట్రలైజింగ్ కెపాసిటీ అని రిపోర్టులో రాయకూడదు.

ఇప్పుడు 1.0 నార్మల్ HCl 30.0 మి.లీ. పిపెట్‌తో వేయండి. ఆమ్లమంతా దిగగానే స్టాప్‌వాచ్ నొక్కండి. సరిగ్గా 15 నిమిషాలు కలపండి. పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్ అప్పటికే బీకర్‌లో ఉండాలి, కానీ తిరిగే కడ్డీకి తగలనంత ఎత్తులో. మీటర్‌ని ఏ బఫర్లతో క్యాలిబ్రేట్ చేశారన్నది ఇక్కడ ముఖ్యం. 7, 9 బఫర్లతో సరిచేసి 3.5 చదవడం వృథా. పొటాషియం టెట్రాక్సలేట్ బఫర్ (25 డిగ్రీల దగ్గర 1.68), పొటాషియం హైడ్రోజన్ థాలేట్ బఫర్ (4.01) వాడండి. ఈ రెండింటి మధ్యలో 3.5 పడుతుంది.

పదిహేను నిమిషాలు అయ్యాక NaOH మొదలుపెట్టే ముందు మీటర్ వైపు ఒకసారి చూడండి. పీహెచ్ 1 దగ్గర ఉంటే ఆమ్లం చాలినంత మిగిలినట్టు. 3 దాటి ఉంటే మీరు పోసిన ఆమ్లం చాలలేదు, ఆ బీకర్‌తో ముందుకు వెళ్లకండి. కొత్త తూకంతో 60.0 మి.లీ. ఆమ్లం పోసి మళ్లీ చేయాలి. మధ్యలో ఇంకొంచెం ఆమ్లం కలిపితే పోతుంది కదా అనిపిస్తుంది, కానీ చివరి నిమిషాల్లో ఆమ్లం పలచబడినప్పుడు కరగని పొడికి ఇప్పుడు కొత్త ఆమ్లంతో సరైన సమయం దొరకదు.

అంతా సరిగ్గా ఉంటే వెంటనే 0.5 నార్మల్ NaOH తో టైట్రేట్ చేయండి. ఇంకో 5 నిమిషాల్లోపు ముగించాలి. పీహెచ్ 3.5 చేరి 10 నుంచి 15 సెకన్లు అక్కడే నిలబడితే అదే ఎండ్ పాయింట్.

ఈ ఐదు నిమిషాల్లోనే చాలామంది ఫలితం పాడుచేసుకుంటారు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

NaOH ని ధారగా వదిలితే అది పడిన చోట కొంతసేపు పీహెచ్ బాగా ఎక్కువ ఉంటుంది. మిగతా బీకరంతా ఆమ్లంగా ఉన్నా, ఆ చోట మాత్రం అల్యూమినియం తెల్లటి పోగులుగా పడుతుంది. ఆ పోగులు తిరిగి కరగడానికి సమయం పడుతుంది. అవి కరగకుండా ఉండగానే మీరు 3.5 చేరితే, అవి పట్టుకున్న NaOH అదనంగా ఖర్చయినట్టే. ఫలితం తక్కువ వస్తుంది. మొదట్లో వేగంగా పోసినా నష్టం లేదు, ఆమ్లం బలంగా ఉంది కాబట్టి పోగులు వెంటనే కరుగుతాయి. పీహెచ్ 2 దాటాక మాత్రం చుక్కలుగా, బ్యూరెట్ మొన స్టిర్రర్ సుడి దగ్గరగా ఉండేలా చేర్చండి.

చుక్క వేశాక మీటర్ ఎటు కదులుతోందన్నది గమనిస్తే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. NaOH ఆపాక కూడా పీహెచ్ తనంతట తాను పైకి పాకుతుంటే, కరగని పొడి ఇంకా ఆమ్లం తింటోంది, లేదా తాజాగా పడిన పోగులు కరుగుతున్నాయి. ఆగండి, అది తగ్గాక తర్వాతి చుక్క. అదే పీహెచ్ పైకి వెళ్లి మెల్లగా కిందికి జారుతుంటే మీరు 3.5 దాటేశారు. 4 దాటినచోట అల్యూమినియం నీటితో చర్య జరిపి హైడ్రోజన్ అయాన్లు వదులుతోంది, మీటర్ జారేది అందుకే. "మళ్లీ 3.5 కి వచ్చింది కదా" అని ఆ రీడింగ్ రాసుకోవద్దు. ఆ బీకర్ పోయినట్టే, ఇంకోటి చేయండి. పైకి పాకడం ఓపిక పరీక్ష, కిందికి జారడం కథ ముగింపు.

పీహెచ్ మీటర్ లేకపోతే బ్రోమోఫినాల్ బ్లూ వాడవచ్చు. అది 3.0 నుంచి 4.6 మధ్య పసుపు నుంచి నీలి ఊదాకి మారుతుంది. కానీ పూర్తి నీలం దాకా వెళ్తే 4.6 కి చేరినట్టే, అల్యూమినియం అప్పటికే చేయి చాపేసి ఉంటుంది. అందుకని ఒక పక్క బీకర్‌లో పీహెచ్ 3.5 బఫర్ అంతే పరిమాణంలో తీసుకుని అన్నే చుక్కల ఇండికేటర్ వేసి పెట్టుకోండి. ఆ మధ్యరకం రంగుతో పోల్చి ఆగండి. టాబ్లెట్‌కి రంగు వేసి ఉంటే ఈ దారి మూసుకుపోయినట్టే. రంగు లేకపోయినా కరగని పొడి ఉన్న మసక ద్రావణంలో రంగు పోల్చడం కష్టం. నాకైతే ఈ టాబ్లెట్‌కి మీటర్ తప్ప వేరే దాని మీద నమ్మకం లేదు.

టాబ్లెట్ వంతు వచ్చేలోపే ఒక బ్లాంక్, అంటే పొడి లేకుండా ఆమ్లంతో మాత్రమే టైట్రేషన్, చేసి పెట్టుకోండి. ఇది ఎందుకు అవసరమో చాలామంది చెప్పరు. మీరు NaOH ని సాధారణంగా పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో, ఫినాఫ్తలీన్ పెట్టి స్టాండర్డైజ్ చేసి ఉంటారు. NaOH పాతబడితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి అందులో కొంత కార్బనేట్ అవుతుంది. ఫినాఫ్తలీన్ దగ్గర ఒక కార్బనేట్ ఒక హైడ్రోజన్ అయాన్‌కే లెక్కకి వస్తుంది. పీహెచ్ 3.5 దగ్గర అదే కార్బనేట్ రెండు తీసుకుంటుంది. అంటే ఒకే సీసాలోని NaOH ఆ పనిలో ఒక బలం, ఈ పనిలో ఇంకో బలం చూపిస్తుంది. 3.5 దగ్గర అది మీరు అనుకున్న దానికన్నా బలంగా ఉంటుంది, బ్యూరెట్‌లో తక్కువ మి.లీ. ఖర్చవుతుంది, టాబ్లెట్ విలువ అబద్ధంగా పెరుగుతుంది. ఫలితం లెక్క ప్రకారం వచ్చే గరిష్ఠం కన్నా ఎక్కువ వచ్చి మీరు తల పట్టుకుంటే ముందు అనుమానించాల్సింది ఈ సీసానే.

దీనికి మందు సులువు. HCl బలాన్ని మాత్రం శుభ్రంగా, ఎండబెట్టిన సోడియం కార్బనేట్‌తో తేల్చుకోండి. తర్వాత అదే HCl 10.00 మి.లీ. తీసుకుని 70 మి.లీ. నీళ్లు కలిపి, అదే NaOH తో, అదే మీటర్‌తో, అదే 3.5 కి టైట్రేట్ చేయండి. ఈ అనుపాతమే మీ NaOH కి ఈ ప్రయోగంలో ఉన్న నిజమైన బలం. బ్లాంక్‌కి కూడా 30 మి.లీ. ఆమ్లం ఎందుకు తీసుకోవట్లేదంటే, దానికి 60 మి.లీ. NaOH పడుతుంది, 50 మి.లీ. బ్యూరెట్‌ని మధ్యలో నింపాల్సి వస్తుంది.

ఇప్పుడు మీ టాబ్లెట్ లాంటి దానికే ఒక లెక్క పూర్తిగా చేసి చూపిస్తాను. అంకెలు ఉదాహరణకి నేను పెట్టినవి, మీ దగ్గర వచ్చినవి ఆ స్థానాల్లో వేసుకోండి.

20 టాబ్లెట్ల బరువు 22.640 గ్రాములు, కాబట్టి సగటు 1.1320 గ్రా. బీకర్‌లోకి తీసుకున్న పొడి 1.1284 గ్రా. HCl బలం 0.9960 నార్మల్. బ్లాంక్‌లో 10.00 మి.లీ. HCl కి 20.00 మి.లీ. NaOH పట్టింది. టాబ్లెట్ బీకర్‌లో 30.00 మి.లీ. ఆమ్లం వేశాం, తిరుగు టైట్రేషన్‌లో 29.30 మి.లీ. NaOH పట్టింది.

NaOH బలం = 10.00 × 0.9960 ÷ 20.00 = 0.4980 నార్మల్

పోసిన ఆమ్లం = 30.00 × 0.9960 = 29.88 మిల్లీఈక్వివలెంట్లు

మిగిలిన ఆమ్లం = 29.30 × 0.4980 = 14.59 మిల్లీఈక్వివలెంట్లు

పొడి తీసుకున్న ఆమ్లం = 29.88 − 14.59 = 15.29 మిల్లీఈక్వివలెంట్లు

ఒక టాబ్లెట్‌కి = 15.29 × 1.1320 ÷ 1.1284 = 15.34 మిల్లీఈక్వివలెంట్లు

రిపోర్టులో 15.3 అని రాయండి, అంతకు మించి దశాంశాలు ఈ పద్ధతి మోయలేదు. నార్మాలిటీని మి.లీ. తో గుణిస్తే నేరుగా మిల్లీఈక్వివలెంట్లు వస్తాయి కాబట్టి ఎక్కడా 1000 తో గుణించడం, భాగించడం లేదు. HCl కీ NaOH కీ నార్మాలిటీ, మోలారిటీ ఒకటే కనుక ఆ గందరగోళం కూడా లేదు.

ఈ విలువ, పైన కట్టిన 15.93 లో సుమారు 96 శాతం. మిగిలిన నాలుగు శాతం ఎక్కడికి పోయింది? పదిహేను నిమిషాల్లో లొంగని అల్యూమినియం హైడ్రాక్సైడ్‌లో ఉండొచ్చు. జెల్ పాతబడేకొద్దీ, ఎక్కువ ఎండినకొద్దీ దాని నిర్మాణం బిగుసుకుని ఆమ్లంతో చర్య మందగిస్తుంది. అదే పరిమాణంలో అల్యూమినియం ఉన్న రెండు టాబ్లెట్లు ఈ పరీక్షలో తేడాగా రావడానికి ఇది కారణం. మీకు 15 కన్నా బాగా తక్కువ, ఉదాహరణకి 12 వస్తే, అదే పొడిని 30 నిమిషాలు కలిపి ఒకసారి చూడండి. విలువ పెరిగితే సమస్య కరిగే వేగంలో ఉంది. పెరగకపోతే పొడి తూకం, బ్యూరెట్, బలాలు, లేదంటే 3.5 దాటిపోవడం, వీటిలో వెతకండి. ఆ 30 నిమిషాల విలువ మీ సమాచారం కోసమే, రిపోర్టులో వేయకండి.

అదే అంకెలతో మీ ఫినాఫ్తలీన్ ప్రయోగం ఎలా ఉండేదో కూడా చూడండి. అల్యూమినియం మొత్తం తిరిగి పడితే పొడి తీసుకున్నట్టు కనిపించేది 8.57 మాత్రమే. మిగిలిన ఆమ్లం 21.31 అనిపిస్తుంది, దానికి 42.8 మి.లీ. NaOH పడుతుంది. 29.30 కీ 42.8 కీ మధ్య ఉన్న ఆ పదమూడున్నర మి.లీ. NaOH ఆమ్లాన్ని కలవలేదు, అల్యూమినియంని కలిసింది. మీ నోటు పుస్తకంలో ఆ మొదటి ప్రయోగంలో బ్యూరెట్ రీడింగ్ ఉంటే సరిచూసుకోండి, 43 దగ్గర ఉంటే రోగం ఇదే.

ఈ పద్ధతి ఏం చెప్పలేదో కూడా తెలిసి ఉండాలి. 15.3 లో ఎంత మెగ్నీషియం వల్ల, ఎంత అల్యూమినియం వల్ల అన్నది ఇది విడదీయదు. ఫినాఫ్తలీన్ విలువని 3.5 విలువ నుంచి తీసేస్తే అల్యూమినియం వస్తుంది కదా అని మీకు అనిపించవచ్చు. ఐడియా బాగానే ఉంది, కానీ ఆ పింక్ ఎండ్ పాయింట్ ఎంత జారుడుదో మీరే చూశారు. ఆ వాటాలు కావాలంటే ఈడీటీఏతో విడిగా కాంప్లెక్సోమెట్రిక్ టైట్రేషన్ చేయాలి, అది వేరే పని. అమెరికాలో డాక్టర్ చీటీ లేకుండా అమ్మే యాంటాసిడ్లకి కనీస మోతాదులో 5 మిల్లీఈక్వివలెంట్లు ఉండాలని, ప్రతి క్రియాశీల పదార్థం మొత్తంలో కనీసం 25 శాతం వాటా ఇవ్వాలని నియమం ఉంది. మొదటిదానికి మీ 15.3 సమాధానం చెబుతుంది. రెండోదానికి చెప్పదు.

పొరపాటు ఎక్కడ పెద్దదవుతుందో చివరిగా ఒక మాట. ఇది రెండు పెద్ద అంకెల తేడా. పోసిన ఆమ్లంలో 0.06 మిల్లీఈక్వివలెంట్ల తప్పు ఉంటే, అంటే పిపెట్‌లో 0.2 శాతం, మీ 15.3 లో అది 0.4 శాతం అవుతుంది. అదే టాబ్లెట్ బలహీనమైనదై 5 మాత్రమే తీసుకుంటే 1.2 శాతం అవుతుంది. బ్యూరెట్ రెండో దశాంశం గురించి అందరూ టెన్షన్ పడతారు, ఆమ్లం వేసిన పిపెట్‌ని ఎవరూ పట్టించుకోరు. 30 మి.లీ. ని కొలజాడీతో పోసినవాళ్లని కూడా చూశాను. క్లాస్ ఏ పిపెట్‌తో వేయండి, బ్లాంక్‌కి కూడా అదే తరగతి పిపెట్ వాడండి. కనీసం మూడు తూకాలతో మూడుసార్లు చేయండి. మూడూ 0.2 మిల్లీఈక్వివలెంట్ల లోపు కలిస్తే సగటు రాయండి. ఒకటి మాత్రం కిందికి పడితే ఆ బీకర్ గోడ మీద, నీటి గీతకి పైన, తడవని పొడి గీత ఉందేమో చూడండి. సిమెథికోన్ ఉన్న టాబ్లెట్లతో ఎక్కువగా అదే అవుతుంది.